అత్త ఒక్కరే, అరబ్బీలో మాటలు మూడు

అరబ్బీ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆరో నెలలో, మా పెద్దనాన్నగారి అబ్బాయి పెళ్లి ఫొటో ఒకటి ఫోన్‌లో తీసి నాతో పనిచేసే జోర్డాన్ ఆయనకు చూపించాను. పెళ్లికొడుకు మీద వేలు పెట్టి "హాదా అఖీ" అన్నాను. ఇతను మా అన్నయ్య అని నా ఉద్దేశం. ఆయన సంతోషించి "మబ్రూక్" అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఓ వారం తర్వాత టీ తాగుతూ ఏదో మాటల్లో, మా నాన్నకు నేనొక్కణ్ణే కొడుకునని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి అడిగాడు: "మరి ఫొటోలో ఉన్నతను షకీక్ కాదా? మిన్ అల్-ఉమ్మ్?" షకీక్ అంటే ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టినవాడు. మిన్ అల్-ఉమ్మ్ అంటే తల్లి వైపు నుంచి. నాన్నకు కొడుకు కాని అన్నయ్య ఉన్నాడంటే మా అమ్మకు అంతకుముందే ఒక పెళ్లయి ఉండాలని ఆయన లెక్క కట్టాడు. పాపం, మర్యాదగానే అడిగాడు.

నేను వాడిన మాటలో వ్యాకరణం తప్పేమీ లేదు. అఖ్ అంటే సోదరుడు, అఖీ అంటే నా సోదరుడు. తప్పంతా నా బుర్రలో ఉన్న చుట్టరికాల పటంలో ఉంది. పెద్దనాన్న కొడుకు తెలుగులో అన్నయ్య. అరబ్బీలో ఎప్పటికీ కాదు. చుట్టరికాల మాటల పట్టిక ఎంత బట్టీపట్టినా ఈ తేడా పట్టుబడదు. ఎందుకంటే ఆ పట్టికలు మాటకు మాట ఇస్తాయి, పటం ఇవ్వవు.

అసలు నాలుగు మాటలు

ముందుగా పలకడం గురించి ఒక్క మాట. ఇక్కడ ‘ గుర్తు పెట్టిన చోట గొంతు లోపల కండరాన్ని బిగించి పలికే అక్షరం ఉంది, దాని పేరు ‘ఐన్. తెలుగులో దానికి సాటి లేదు. ఖ అని రాసినది తెలుగు ఖ కాదు, హైదరాబాదులో ఖాలా అనేటప్పుడు గొంతు గీరుకున్నట్టు వినిపించే ఖ. జౌజ్ అన్న మాటలో మొదటి జ జీరోలో జ లాగా, చివరి జ, జద్ద్‌లో జ మాత్రం జామకాయలో జ లాగా పలకాలి.

ఇక ఆ నాలుగు మాటలు. నాన్న తోబుట్టువు మగవాడైతే ‘అమ్మ్, ఆడమనిషైతే ‘అమ్మ. అమ్మ తోబుట్టువు మగవాడైతే ఖాల్, ఆడమనిషైతే ఖాల. అంతే. పెద్దనాన్న, చిన్నాన్న ఇద్దరూ ‘అమ్మ్. మేనత్త ‘అమ్మ. మేనమామ ఖాల్. అమ్మ అక్క అయినా చెల్లెలైనా, అంటే పెద్దమ్మ, పిన్ని ఇద్దరూ ఖాల. ఉర్దూ వినే అలవాటున్నవాళ్లకు చివరిది ముందే తెలుసు, ఆ ఖాలా అరబ్బీ నుంచి వచ్చిందే.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఇక్కడే తల పట్టుకుంటారు, వాళ్లకు అంకుల్ ఒక్కడే, ఆంటీ ఒక్కతే. మనకు ఆ ఇబ్బంది లేదు. నాన్న వైపు, అమ్మ వైపు వేరువేరుగా చూడడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అందుకే తెలుగువాళ్లు ఈ పాఠం తేలిక అనుకుని ముందుకెళ్లిపోతారు. మొదటి అడుగు నిజంగానే తేలిక, కాలు జారేది రెండో అడుగులో.

ఆ అడుగేమిటంటే, ఈ నాలుగు మాటలూ రక్తసంబంధానికే. పెళ్లి ద్వారా వచ్చినవాళ్లకు చెందవు. తెలుగులో మేనమామ భార్య అత్త, మేనత్త భర్త మామ, పిన్ని భర్త బాబాయి, పెద్దనాన్న భార్య పెద్దమ్మ. మనం వాళ్లను కూడా అవే మాటల్లోకి తెచ్చి కూర్చోబెడతాం. అరబ్బీ అలా చేయదు. భర్త అనే అర్థంలో జౌజ్, భార్య అనే అర్థంలో జౌజ అన్న మాటను ముందు పెట్టి, ఫలానావారి భర్త, ఫలానావారి భార్య అని చెబుతుంది. మేనమామ భార్య జౌజత్ ఖాలీ, అంటే నా మేనమామ భార్య. పిన్ని భర్త జౌజ్ ఖాలతీ.

దీనివల్ల తెలుగులో ఒక్కటిగా ఉన్న అత్త అరబ్బీలో ముగ్గురవుతుంది. నాన్న చెల్లెలైతే ‘అమ్మతీ. మేనమామ భార్య అయితే జౌజత్ ఖాలీ. భార్యకు తల్లి అయితే హమాతీ. మామకూ అంతే: ఖాలీ, జౌజ్ ‘అమ్మతీ, హమీ. "మా అత్త వచ్చింది" అని అరబ్బీలో చెప్పాలంటే ముందు ఏ అత్తో తేల్చుకోవాలి. మొదట్లో ఇది చాలా చిరాకుగా ఉంటుంది. మనకు అవసరం లేదనిపించిన వివరాన్ని భాష పట్టుబట్టి అడుగుతుంది.

కజిన్ అనే మాట లేదు

ఈ నాలుగు మాటల ముందు ఇబ్న్ (కొడుకు) లేదా బింత్ (కూతురు) చేర్చితే ఎనిమిది చుట్టరికాలు వస్తాయి. ఇబ్న్ ‘అమ్మ్ పెద్దనాన్న లేదా చిన్నాన్న కొడుకు, బింత్ ‘అమ్మ్ వాళ్ల కూతురు. ఇబ్న్ ‘అమ్మ మేనత్త కొడుకు, ఇబ్న్ ఖాల్ మేనమామ కొడుకు, బింత్ ఖాల పిన్ని కూతురు. మిగతావి మీరే కట్టుకోవచ్చు. ఈ ఎనిమిదింటినీ కలిపి చెప్పే ఒక్క మాట, ఇంగ్లీషు కజిన్ లాంటిది, అరబ్బీలో వాడుకలో లేదు.

తెలుగు ఈ ఎనిమిది మందినీ రెండు గుంపులు చేస్తుంది. పెద్దనాన్న, చిన్నాన్నల పిల్లలు, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు మనకు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు. మేనత్త, మేనమామల పిల్లలు మాత్రం బావలు, మరదళ్లు, వదినలు, బావమరుదులు. ఈ విభజనకు ఆధారం పెళ్లి. మొదటి గుంపులో పెళ్లి ఊహించలేం, రెండో గుంపులో మేనరికం ఉంది. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచ భాషల చుట్టరికాల మాటలన్నీ పక్కపక్కన పెట్టి అచ్చువేసినప్పుడు, తమిళం, కన్నడంతో పాటు తెలుగు కూడా ఆయన పట్టికల్లో ఉంది. ఆయన్ను ఆకట్టుకున్నది ఇదే, నాన్న అన్నను కూడా నాన్న అనడం, అతని కొడుకును అన్న అనడం.

అరబ్బీలో ఆ గీత లేదు. ఎనిమిది మందీ ఎనిమిది చోట్ల ఉంటారు, ఎవరూ సోదరుల లెక్కలోకి రారు. పైగా మనకు అసలు మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉంది. అరబ్బు సమాజాల్లో సంప్రదాయంగా అందరికంటే ముందు గుర్తొచ్చే పెళ్లికూతురు బింత్ ‘అమ్మ్, అంటే చిన్నాన్న కూతురు. పాత తెగల ఆచారంలో ఇబ్న్ ‘అమ్మ్‌కు ఆమె మీద మొదటి హక్కు ఉండేది. మనకు మేనత్త కొడుకు వరస ఎలాగో, వాళ్లకు ఇబ్న్ ‘అమ్మ్ అలాగ. 1830లలో కైరోలో ఉండి అక్కడి జీవితం రాసిన ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషాయన ఒక విషయం గమనించాడు. చిన్నాన్న కూతుర్ని చేసుకున్నవాడు పెళ్లయ్యాక కూడా ఆమెను భార్య అనకుండా బింత్ ‘అమ్మీ అనే అంటాడట, పెళ్లి బంధం తెగిపోవచ్చు గాని రక్తబంధం తెగదు కాబట్టి.

అందుకే బింత్ ‘అమ్మీ అన్న మాటను "చెల్లెలు" అని అనువదించుకుని వింటే కథ మొత్తం తలకిందులవుతుంది. అరబ్బీ సీరియల్‌లో ఒకడు బింత్ ‘అమ్మీని ప్రేమిస్తున్నాను అంటాడు, తల్లి మురిసిపోతుంది, మనం మాత్రం ఉలిక్కిపడతాం. అక్కడ ఉలిక్కిపడాల్సిందేమీ లేదు.

త ఎక్కడి నుంచి వచ్చింది

ఖాల అన్నాం, ఖాలతీ అన్నాం. ‘అమ్మ, ‘అమ్మతీ. జద్ద (అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ), జద్దతీ. మధ్యలో ఆ త ఏమిటి? అరబ్బీలో చాలా స్త్రీలింగ పదాల చివర దాక్కున్న త ఒకటి ఉంటుంది. పదం ఒంటరిగా ఉన్నంతసేపూ అది వినిపించదు, అ అని ఆగిపోతాం. వెనక ఏదైనా తగిలించగానే బయటికి వస్తుంది. నా అని చెప్పే ఈ తగిలించినా, మరో పేరుతో జతకట్టినా అంతే. అందుకే జౌజ ఒంటరిగా జౌజ, జౌజత్ ఖాలీలో జౌజత్. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఖాలీ అని వదిలేస్తారు. అప్పుడు పిన్ని కాస్తా మేనమామ అయిపోతుంది. "ఖాలీ చీర కొనుక్కుంది" అంటే ఎదుటివాళ్లు నవ్వు ఆపుకోలేరు. తప్పు జరిగిందని తెలుసుకోవడానికి అదే గుర్తు.

నా, నీ లాంటివి అరబ్బీలో మాట చివర అతుక్కుంటాయి. నా ఖాల ఖాలతీ, మగవాడితో నీ ఖాల అంటే ఖాలతుక, అతని ఖాల ఖాలతుహు, ఆమె ఖాల ఖాలతుహా. మాటల్లో నీ ఖాల అన్నది మామూలుగా ఖాలతక్ అవుతుంది, ఎదుట ఉన్నది ఆడమనిషైతే ఖాలతిక్.

రెండు పేర్ల జత వచ్చినప్పుడు ఈ తోక ఎక్కడ పెట్టాలన్నది అసలు పరీక్ష. "నా చిన్నాన్న కొడుకు"లో మనం నా అన్నది మొదట పెడతాం. ఆ ఊపులో ఇబ్నీ ‘అమ్మ్ అనేస్తారు చాలామంది. అది తప్పు. తోక ఎప్పుడూ చివరి మాటకే: ఇబ్న్ ‘అమ్మీ. ముందున్న మాటకు అల్ కూడా తగిలించకూడదు, అల్-ఇబ్న్ ‘అమ్మీ కుదరదు. తెలుగు వరసను వెనక నుంచి ముందుకు చదివితే అరబ్బీ వరస వస్తుంది. నా - చిన్నాన్న - కొడుకు - భార్య అన్నది భార్య - కొడుకు - చిన్నాన్న - నా అవుతుంది: జౌజత్ ఇబ్న్ ‘అమ్మీ. నాకు ఈ చిట్కా దొరికాకే గొలుసుల భయం పోయింది. నాన్నకు పెద్దనాన్న కొడుకైతే ఇబ్న్ ‘అమ్మ్ అబీ. ఎంత పొడుగైనా పద్ధతి అదే.

రెండు మాటలు మాత్రం కాస్త మొండివి. అబ్ (నాన్న), అఖ్ (సోదరుడు) అన్నవి వెనక ఎవరైనా ఉంటే చివర ఊ అని సాగుతాయి: అబూ, అఖూ. అబూబకర్ అన్న పేరులో ఆ ఊ మనకు ఎప్పటినుంచో తెలుసు, బకర్ తండ్రి అని. పెద్దనాన్నను వివరించాలంటే "‘అమ్మీ హువ అఖూ అబీ" అంటాం, ‘అమ్మీ అంటే మా నాన్న సోదరుడు అని. నా అన్నప్పుడు మాత్రం ఊ ఉండదు, అబీ, అఖీ. వాక్యంలో చోటు మారితే ఈ ఊ కాస్తా ఆ గానో ఈ గానో మారుతుంది. అది తర్వాతి పాఠం, మొదటి ఏడాది దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పెద్దా చిన్నా

తెలుగులో వయసు చెప్పకుండా తోబుట్టువు గురించి మాట్లాడడం దాదాపు అసాధ్యం. అన్నో తమ్ముడో, అక్కో చెల్లెలో తేల్చాలి. అరబ్బీలో అఖ్, ఉఖ్త్ అంతే. ఎవరైనా "‘ఇందీ అఖ్" అంటే అన్న ఉన్నాడో తమ్ముడు ఉన్నాడో మనకు తెలియదు. మొదట్లో నేను ప్రతిసారీ పెద్దవాడా చిన్నవాడా అని అడిగేవాణ్ణి. ఈ తెలుగువాళ్లకు వయసుల గోల ఎందుకని వాళ్లకు ఆశ్చర్యం.

చెప్పాలనుకుంటే తర్వాత ఒక విశేషణం తగిలిస్తారు. అన్నయ్య అఖీ అల్-అక్బర్, తమ్ముడు అఖీ అల్-అస్గర్. అక్క ఉఖ్తీ అల్-కుబ్రా, చెల్లెలు ఉఖ్తీ అల్-సుగ్రా (పలికేటప్పుడు అస్సుగ్రా). నా అని తగిలించాక మాట ఖాయమైపోతుంది కనుక దాని విశేషణానికి అల్ తప్పనిసరి. అఖీ అక్బర్ అంటే "నా సోదరుడు ఇంకా పెద్దవాడు" అనే వాక్యంలా వినిపిస్తుంది.

ఎంతమంది ఉన్నారో చెప్పేటప్పుడు ఇంకో చిక్కు. ఇద్దరికి అరబ్బీలో ప్రత్యేక రూపం ఉంది: ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉఖ్తాన్, ఇద్దరు అన్నదమ్ములు అఖవాన్. అబవాన్ అంటే అక్షరాలా ఇద్దరు నాన్నలు, కానీ అర్థం తల్లిదండ్రులు. మూడు నుంచి పది దాకా సంఖ్య లింగం తిరగబడుతుంది. ముగ్గురు అన్నదమ్ములు థలాథత్ ఇఖ్వ, ముగ్గురు అక్కచెల్లెళ్లు థలాథ్ అఖవాత్. మగవాళ్లకు సంఖ్య చివర ఆడ తోక, ఆడవాళ్లకు తోక లేదు. కారణం వెతకడం దండగ, ఈ రెండు జతల్నీ పాటలా నోటికి పట్టించుకుంటే చాలు.

బహువచనాలు కూడా అంతే, వినగా వినగా వస్తాయి. వాటికి ఒక మంచి చోటు ఖుర్‌ఆన్ 24వ సూరా 61వ ఆయత్. ఎవరెవరి ఇళ్లలో సంకోచం లేకుండా అన్నం తినవచ్చో చెబుతూ తండ్రులు, తల్లులు, సోదరులు, సోదరీమణుల ఇళ్ల తర్వాత ఇలా సాగుతుంది: బుయూతి అ‘మామికుమ్, అవ్ బుయూతి ‘అమ్మాతికుమ్, అవ్ బుయూతి అఖ్వాలికుమ్, అవ్ బుయూతి ఖాలాతికుమ్. మీ ‘అమ్మ్‌ల ఇళ్లు, మీ ‘అమ్మల ఇళ్లు, మీ ఖాల్‌ల ఇళ్లు, మీ ఖాలల ఇళ్లు. నాలుగు మాటలూ, నాలుగు బహువచనాలూ వరసగా ఒక్క చోటే.

పెళ్లి ఫొటో మళ్లీ

ఇప్పుడు ఆ ఫొటోను సరిగా చెప్పి చూస్తాను. "హాదిహి సూరత్ ‘ఆఇలతీ", ఇది మా కుటుంబం ఫొటో. ‘ఆఇల అంటే చుట్టాలతో కూడిన కుటుంబం, భార్యాభర్తలూ పిల్లలూ మాత్రమే ఉన్నదానికి ఉస్ర అన్న మాట ఎక్కువగా వాడతారు. మగవాళ్లను చూపించేటప్పుడు హాదా, ఆడవాళ్లను చూపించేటప్పుడు హాదిహి.

"హాదా అబీ, వ హాదిహి ఉమ్మీ." ఇందులో ఇబ్బంది లేదు. నాన్న పక్కన తలపాగాతో పెద్దనాన్న: "హాదా ‘అమ్మీ." ఆయన పక్కన పెద్దమ్మ: "హాదిహి జౌజతుహు", ఈమె ఆయన భార్య. ఆమెను ఖాలతీ అనకూడదు, అంటే మా అమ్మకు అక్క అయిపోతుంది. పెళ్లికొడుకు: "హాదా ఇబ్న్ ‘అమ్మీ." జోర్డాన్ ఆయనకు మొదట్లోనే ఈ రెండు మాటలు చెప్పి ఉంటే మా అమ్మ పరువు దక్కేది.

ఎర్రచీరలో మా మేనత్త: "హాదిహి ‘అమ్మతీ." ఆమె భర్త, నేను మామయ్యా అని పిలిచే ఆయన: "హాదా జౌజ్ ‘అమ్మతీ." కుడివైపు చివర మా మేనమామ: "హాదా ఖాలీ." ఇద్దరినీ నేను మామయ్య అనే పిలుస్తాను. అరబ్బీలో వాళ్లకు ఒకరితో ఒకరికి ఏ పోలికా లేదు. పిన్ని ఖాలతీ, బాబాయి జౌజ్ ఖాలతీ.

ఇక పెళ్లికూతురు. ఆమె మా మేనత్త కూతురే, మేనరికం. నాకంటే ఏడాది పెద్దది, కాబట్టి పెళ్లికి ముందు నాకు వదిన. అన్నయ్యను చేసుకున్నాక కూడా నాకు వదినే. మాట మారలేదు, మారాల్సిన అవసరం రాలేదు. మా అన్నయ్యకు మేనత్త ముందూ అత్తే, పెళ్లయ్యాకా అత్తే. పెళ్లి జరుగుతుందని తెలుగు మాటలకు ముందే తెలిసినట్టు ఉంటుంది. అరబ్బీలో అదే అమ్మాయి పెళ్లికి ముందు బింత్ ‘అమ్మతీ. పెళ్లి తర్వాత అది అలాగే ఉండి, దాని పక్కన ఇంకో మాట చేరుతుంది, జౌజత్ ఇబ్న్ ‘అమ్మీ. అన్నయ్యకు మా అత్త ‘అమ్మ, ఇప్పుడు హమాత్ కూడా.

అయితే అరబ్బీకి కూడా ఇలాంటి ముందుచూపు ఒక చోట ఉంది. అత్తగారింట్లో మామగారిని పిలిచేటప్పుడు చాలామంది హమీ అని పిలవరు. ‘అమ్మీ అంటారు, ఏ చుట్టరికమూ లేని ఇంట్లో పెళ్లి చేసుకున్నా సరే. సిరియా, జోర్డాన్, పాలస్తీనా ప్రాంతాల వాడుకలో అత్తగారు మర్త్ ‘అమ్మీ, అంటే ‘అమ్మ్ భార్య. చిన్నాన్న కూతుర్ని చేసుకుంటే మామగారు ఎలాగూ చిన్నాన్నే కదా. మనం మేనరికం లేకపోయినా భార్య తండ్రిని మేనమామను పిలిచినట్టే మామయ్యా అంటాం, వాళ్లు ఆ వరస లేకపోయినా చిన్నాన్నా అంటారు. పిలుపులో ఎవరి పెళ్లి పద్ధతి వాళ్లు దాచుకున్నారు.

పిలుపులు వేరే సంగతి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకరి గురించి చెప్పే మాటలు. ఎదురుగా పిలవడం వేరు. పాఠ్యపుస్తకంలో నాన్న అబీ. ఈజిప్టులో అబూయ, గల్ఫులో చాలాచోట్ల ఉబూయ్. పిల్లలు పిలిచేది బాబా, మామా. గల్ఫు ఇళ్లలో పనికి వెళ్లిన మనవాళ్లకు ఇది బాగా తెలుసు, ఇంటావిడను మామా అని, ఆయనను బాబా అని పిలవడం అక్కడ మామూలు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లకు మొదటి వారం ఇదొక వింత, ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలంటే నోరు తిరగదు. చెవికి ఇంకో వల కూడా ఉంది. ‘అమ్మ అంటే మేనత్త, మన అమ్మ కాదు. మన అమ్మకు వాళ్ల మాట ఉమ్మ్. ‘ఐన్ పలకకుండా అమ్మతీ అంటే చాలావరకు అర్థం చేసుకుంటారు, కానీ ఉమ్మీ, ‘అమ్మీ మధ్య అచ్చు తేడాను మాత్రం జాగ్రత్తగా పలకాలి, ఒకరు అమ్మ, ఒకరు చిన్నాన్న.

పెళ్లయి పిల్లలున్న పెద్దమనిషిని పేరుతో పిలవడం చాలాచోట్ల కాస్త పొడిగా అనిపిస్తుంది. పెద్దకొడుకు పేరు ముందు అబూ పెట్టి పిలుస్తారు, తల్లిని ఉమ్మ్ పెట్టి. కొడుకు పేరు ఖాలిద్ అయితే ఆయన అబూ ఖాలిద్, ఆమె ఉమ్మ్ ఖాలిద్. దీని పేరు కున్య. మన ఊళ్లలో భర్త పేరు పలకని ఆడవాళ్లు "మా చిన్నోడి వాళ్ల నాన్న" అనడం విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు, కాకపోతే అక్కడ ఊరంతా అలాగే పిలుస్తుంది, గౌరవంగా. ఆ పేరుగల కొడుకు ఉండి తీరాలనేమీ లేదు. యాసర్ అరాఫత్‌ను లోకమంతా అబూ ‘అమ్మార్ అంది, ఆయనకు ఉన్నది ఒక్క కూతురు, ఆమె పేరు జహ్వ. అందుకని ఎవరైనా అబూ ఫలానా అని పరిచయమైతే వెంటనే "మీ అబ్బాయి బాగున్నాడా" అని అడిగేయకండి.

అన్నింటికంటే గందరగోళం పెట్టేది తిరుగు పిలుపు. మనం కొడుకును నాన్నా అని, కూతుర్ని అమ్మా అని ముద్దుగా పిలుస్తాం. అరబ్బులూ అలాంటిదే చేస్తారు, కానీ పద్ధతి వేరు. మనం ఎదుట ఉన్నది అబ్బాయో అమ్మాయో చూసి పిలుస్తాం, వాళ్లు తాము ఆ బిడ్డకు ఏమవుతారో అదే మాటతో బిడ్డను పిలుస్తారు. తల్లి కొడుకునైనా కూతురినైనా మామా అంటుంది, తండ్రి బాబా అంటాడు. చిన్నాన్న వరస మనిషి పిల్లవాణ్ణి ‘అమ్మో అంటాడు, ఆ పిల్లవాడు కూడా ఆయన్ను ‘అమ్మో అనే అంటాడు. తెలియనివాడు వింటే ఎవరు ఎవరికి చిన్నాన్నో తేలదు. పెద్దవాళ్ల మాటల్ని బట్టి చుట్టరికం అంచనా వేయాలంటే ముందు ఎవరు వయసులో పెద్దో చూసుకోవాలి.

ఇది నాకు తెలిసినా మా ఇంట్లో చెప్పి ఉంచలేదు. ఆ జోర్డాన్ ఆయన ఒక ఆదివారం వీడియో కాల్ చేసి, పక్కన నిలబడ్డ మా నాలుగేళ్లవాణ్ణి చూసి నవ్వుతూ "కీఫక్ యా ‘అమ్మో" అన్నాడు, ఎలా ఉన్నావురా అబ్బాయ్ అని. మావాడు ఫోన్ వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాడు. "అమ్మా, ఆ అంకుల్ నన్ను చూసి అమ్మో అన్నాడు, నాకేమైంది?"